ఉప్పు, వెనిగర్, పసుపు: కడిగితే మందు ఎంత పోతుంది?

కాలీఫ్లవర్‌ను పువ్వులుగా విడదీసి, వేడినీళ్ళలో గుప్పెడు ఉప్పు, చిటికెడు పసుపు వేసి కాసేపు ఉంచడం పలమనేరు వైపు ఇళ్ళలో మామూలే. పువ్వుల సందుల్లో దాగిన పచ్చపురుగులు పైకి తేలతాయి. వాటిని తీసేసి కూర వండుకుంటారు. ఎందుకు చేస్తున్నామో, ఫలితం వచ్చిందో లేదో కంటికి కనిపించే పద్ధతి ఇది. కొన్నేళ్ళుగా ఇదే నీటికి ఇంకో పని కూడా అప్పజెప్పాం. పురుగును చంపడానికి తోటలో కొట్టిన మందును కూడా ఈ ఉప్పు పసుపు నీళ్ళే లాగేస్తాయని నమ్ముతున్నాం. ద్రాక్ష, ఆపిల్, టమోటా, కొత్తిమీర, ఏది తెచ్చినా ముందు ఆ బేసిన్‌లోకే వెళ్తుంది. కొందరు ఉప్పు చాలదని వెనిగర్ పోస్తారు, ఇంకొందరు వంటసోడా వేస్తారు.

పురుగు తేలితే తెలుస్తుంది. మందు పోయిందో లేదో తెలియదు. కూరగాయల మీద మిగిలే మందును కిలోకు మిల్లీగ్రాముల్లో, అంతకంటే చిన్న పాళ్ళలో కొలుస్తారు. ఆ మోతాదుకు వాసన ఉండదు, రుచి మారదు. ద్రాక్ష మీది తెల్లటి పొర మందేనని చాలామంది అనుకుంటారు, కానీ అది చాలావరకు పండు తనంతట తాను పట్టించుకున్న మైనం. ఆ పొర కడిగితే చెదిరిందని మందు పోయినట్టు కాదు, చెదరలేదని మిగిలినట్టూ కాదు. అందుకే ఈ ప్రశ్నకు జవాబు వంటింట్లో దొరకదు. మందు కొట్టిన కాయల్ని రకరకాలుగా కడిగి, ముందూ తర్వాతా యంత్రాలతో కొలిచిన ప్రయోగాల్లోనే వెతకాలి. అలాంటివి చాలానే జరిగాయి. వాటి అంకెలు ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపిస్తాయి గానీ, ఎందుకు పొసగలేదో చూస్తే విషయం తేటపడుతుంది.

మందు కాయలో ఎక్కడుంది?

కడిగితే ఎంత పోతుందనేది మనం నీళ్ళలో ఏం కలిపామనే దానికంటే, మందు కాయలో ఎక్కడ ఉందనే దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. మందు మూడు చోట్ల ఉండొచ్చు.

మొదటిది తొక్క పైభాగం. టమోటాకు ఆకుమచ్చ రాకుండా కొట్టే మాంకోజెబ్ ఇలాంటిది. రైతులు దీన్ని ఎం-45 అంటారు. ఇది మొక్క లోపలికి పోదు, ఆకు మీదా కాయ మీదా పొడిలా అంటుకుని అక్కడే పనిచేస్తుంది. నీళ్ళు, చేతి రాపిడి దీన్ని బాగా వదిలిస్తాయి. దీన్ని కడగకుండా వండితే నష్టం కూడా ఉంది. వేడికి మాంకోజెబ్‌లో కొంత భాగం ఇథిలీన్ థయోయూరియాగా మారుతుంది. థైరాయిడ్ గ్రంథి మీద దెబ్బ కొట్టే పదార్థమిది. కనుక టమోటా విషయంలో కడగడం పొయ్యి ఎక్కించే ముందే జరగాలి.

రెండోది తొక్క మీది మైనపు పొర. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటి సింథటిక్ పైరెత్రాయిడ్లు, క్లోర్‌పైరిఫాస్ లాంటివి నీళ్ళలో దాదాపు కరగవు, మైనంలో బాగా కరుగుతాయి. కొట్టిన కొద్దిసేపటికి పైన తడిగా ఉన్నప్పుడు కొంత కడుక్కుపోతాయి. రోజులు గడిచేకొద్దీ మైనంలోకి దిగిపోతాయి. తర్వాత ఉత్త నీళ్ళు పోయడం నూనె చేతిని సబ్బు లేకుండా కడుక్కోవడం లాంటిదే.

మూడోది కాయ లోపలి కండ. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, ఎసిఫేట్ లాంటి అంతర్వాహిక మందులు మొక్క రసంతో పాటు తిరుగుతాయి. రసం పీల్చే పురుగు చావాలంటే మందు రసంలో ఉండాలి కదా. అలా లోపలికి చేరిన భాగాన్ని బయట పోసే ఏ నీళ్ళూ తీసుకురాలేవు. ఉప్పైనా, పసుపైనా, వెనిగరైనా ఇక్కడ ఒకటే.

ఉత్త నీళ్ళ పని

అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం 2000లో ప్రచురించిన పరిశోధన ఈ చర్చలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. రకరకాల కాయగూరల మీద 12 మందుల్ని తీసుకుని, కుళాయి నీళ్ళ కింద కడిగి కొలిచారు. తొమ్మిది మందులు తగ్గాయి. మూడు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు: విన్‌క్లోజొలిన్, బైఫెన్‌త్రిన్, క్లోర్‌పైరిఫాస్. మందు నీళ్ళలో ఎంత కరుగుతుందనే గుణానికీ, కడిగితే ఎంత పోయిందనే దానికీ పెద్ద సంబంధం కనిపించలేదు. అంటే నీళ్ళు మందును కరిగించి తీసుకుపోవడం కంటే, పైన అంటిన దుమ్మూ పొడీ రాపిడికి ఊడి కొట్టుకుపోవడమే ఎక్కువ జరిగిందన్న మాట. కూరగాయలు కడగడానికని అమ్మే ప్రత్యేక ద్రవాల్ని కూడా అదే కేంద్రం పరీక్షించింది. అవి కుళాయి నీళ్ళ కంటే మెరుగ్గా పనిచేయలేదు.

ఇలాంటి ప్రయోగాలు అనేకం పోగేసి 2010లో బెల్జియం పరిశోధకులు ఒక ఉమ్మడి లెక్క వేశారు. కడిగాక సగటున 68 శాతం మందు మిగులుతుందని, అంటే మూడో వంతు దాకా పోతుందని తేలింది. తొక్క తీస్తే 41 శాతం మిగిలింది. వేడినీళ్ళలో ముంచి తీసి ఆ నీళ్ళు పారబోస్తే 21 శాతమే మిగిలింది. ఇవి సగటులు మాత్రమే. ఒక్కో మందుకూ ఒక్కో కాయకూ లెక్క మారుతుంది. అయినా వరుస మాత్రం గుర్తుంచుకోదగ్గది: కడగడం కంటే తొక్క తీయడం, దానికంటే వేడినీళ్ళలో ముంచి పారబోయడం ఎక్కువ తగ్గించాయి.

ఉప్పు, వెనిగర్: ప్రయోగశాల పాళ్ళు వేరు, మన పాళ్ళు వేరు

ఉప్పు నీళ్ళ గొప్పతనం చెప్పేవాళ్ళకు ఆధారం లేకపోలేదు. ఈజిప్టులో టమోటాల మీద చేసి 1999లో ప్రచురించిన ప్రయోగంలో, ఉత్త నీళ్ళు డైమిథోయేట్, ప్రొఫెనోఫాస్ వంటి మందుల్ని 20 శాతం అటూ ఇటూ తగ్గిస్తే, ఉప్పు నీళ్ళు 80 నుంచి 90 శాతం దాకా తగ్గించాయి. ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లోని పులుపు, ఇంకొంచెం మెరుగు. చైనాలో క్యాబేజీ మీద చేసి 2007లో ప్రచురించిన ప్రయోగంలో 20 నిమిషాలు నానబెడితే ఉత్త నీళ్ళు 15 నుంచి 20 శాతం, ఉప్పు నీళ్ళు 65 నుంచి 75 శాతం దాకా తీసేశాయి. ఈ అంకెలు చూస్తే ఇక చర్చ అక్కర్లేదనిపిస్తుంది.

కానీ ఆ రెండు ప్రయోగాల్లోనూ పెద్ద అంకెలు వచ్చింది 10 శాతం ద్రావణాలతో. లీటరు నీళ్ళకు 100 గ్రాముల ఉప్పు. ఇంట్లో కూరగాయలు ముంచడానికి మూడు లీటర్ల నీళ్ళు కావాలనుకుంటే 300 గ్రాముల ఉప్పు కావాలి. మనం వేసేది ఒక చెంచా, సుమారు ఆరు గ్రాములు. మూడు లీటర్లలో అది 0.2 శాతం. గుప్పెడు వేసినా ఒకటిన్నర శాతం దాటదు. వెనిగర్‌దీ ఇదే కథ. దుకాణంలో దొరికే సీసాలోనే ఎసిటిక్ ఆమ్లం నాలుగైదు శాతం ఉంటుంది. ప్రయోగంలో వాడింది దానికి రెట్టింపు ఘాటు. మనం ఆ సీసాలోంచి ఒక కప్పు తీసి నాలుగు కప్పుల నీళ్ళలో కలిపితే ఒక శాతానికి దిగిపోతుంది. పది శాతం ద్రావణం చూపిన ఫలితాన్ని ఒక శాతం ద్రావణం నుంచి ఆశించడానికి లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. ప్రయోగశాలల్లో చాలాసార్లు కాయల్ని మందు నీళ్ళలో ముంచి, ఆరనిచ్చి, కొద్ది గంటల్లో కడిగేస్తారు. అప్పుడు మందు ఎక్కువగా పైపైనే ఉంటుంది. పొలంలో కొట్టిన మందు ఎండకూ మంచుకూ తగిలి, రోజుల తరబడి మైనంలోకి, లోపలికి ఇంకుతుంది. బజారు నుంచి తెచ్చిన కాయ రెండో రకం. అందుకే ముంచి కడిగిన ప్రయోగాల్లోని అంకెలు ఇంట్లో రావు.

ఉప్పు ఎందుకు పనిచేయాలి అన్న ప్రశ్నకు రసాయన శాస్త్రం గట్టి జవాబు ఇవ్వదు. ఉప్పు సబ్బు కాదు, మైనాన్ని కరిగించదు. పైగా నీళ్ళలో ఉప్పు పెరిగేకొద్దీ, నీటికి దూరంగా ఉండే కర్బన పదార్థాలు ఆ నీళ్ళలో ఇంకా తక్కువ కరుగుతాయి. ప్రయోగశాలల్లో ఒక పదార్థాన్ని నీళ్ళ నుంచి బయటకు నెట్టడానికి ఉప్పు వేయడం మామూలు పద్ధతే. కాబట్టి ఉప్పు నీళ్ళతో వచ్చే లాభంలో నానబెట్టడం, కదపడం, మళ్ళీ కడగడం వల్ల వచ్చే వాటా చాలా ఉంటుందని అనుకోవడం న్యాయం. ఉప్పు ఖాయంగా చేసే పని ఇంకొకటి: ఆకుల మధ్య దాగిన పేనునూ పురుగునూ వదిలిస్తుంది. మన అమ్మమ్మలు దాన్ని వాడింది అందుకే.

కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వెల్లాయణి కళాశాలలో మందుల అవశేషాలు కొలిచే ప్రయోగశాల ఉంది. పక్క రాష్ట్రాల నుంచి వచ్చే కూరగాయల్ని అక్కడ ఏళ్ళుగా పరీక్షిస్తున్నారు. ఆ ప్రయోగశాలవాళ్ళు ఇళ్ళకు ఇచ్చే సలహాలో చింతపండు నీళ్ళూ, వెనిగర్ నీళ్ళూ ఉన్నాయి. నానబెట్టాక మామూలు నీళ్ళతో మళ్ళీ కడగమంటారు. రాయలసీమ వంటింట్లో వెనిగర్ సీసా లేకపోయినా చింతపండు ఉంటుంది. పలచటి పుల్లనీళ్ళలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, రుద్ది, కడిగితే నష్టం లేదు, కొంత లాభం. అంతకుమించి ఆశ పెట్టుకోకూడదు.  కోసిన ముక్కల్ని నానబెడితే మాత్రం విటమిన్ సి, లవణాలు నీళ్ళలోకి పోతాయి.

పసుపుకు చేతకాని పని

పసుపుకు రంగు ఇచ్చే కర్కుమిన్ చల్లటి నీళ్ళలో దాదాపు కరగదు. బేసిన్‌లో పసుపు వేస్తే నీళ్ళు పచ్చబడతాయి గానీ, అందులో ఎక్కువ భాగం కరగకుండా తేలుతున్న పొడే. ఆ నీళ్ళకు చెప్పుకోదగ్గ పులుపూ లేదు, క్షారమూ లేదు, నురగా లేదు. మందు అణువును విరగ్గొట్టడానికి కావలసిన గుణమూ, మైనం నుంచి ఊడదీయడానికి కావలసిన గుణమూ దానిలో కనిపించవు. పసుపుకు సూక్ష్మజీవుల్ని అడ్డుకునే శక్తి కొంత ఉంది, ఆ పేరుతోనే వంటింట్లో నిలిచింది. కానీ సూక్ష్మజీవిని అడ్డుకోవడం ఒకటి, రసాయనాన్ని తీసేయడం ఇంకొకటి.

అయితే పసుపు వేసిన కాలీఫ్లవర్ వేడినీళ్ళు ఉత్త వృథా కాదు. అందులో పనిచేసేది వేడి. ముంచి, నీళ్ళు పారబోయడం. ముందు చెప్పిన 21 శాతం లెక్క గుర్తు చేసుకుంటే చాలు. పసుపు మానేసి వేడినీళ్ళు ఉంచుకున్నా ఫలితం తగ్గదు, వేడినీళ్ళు మానేసి చల్లటి పసుపు నీళ్ళలో ముంచితే మాత్రం తగ్గుతుంది. ఆ నీళ్ళు పారబోయాలి సుమా, అందులోనే కూర ఉడికిస్తే వదిలిన మందు కూడా కూరలోనే ఉంటుంది.

వంటసోడా: ఒక్కటే చోట గట్టి కారణం

ఈ వరుసలో రసాయనపరంగా సరైన తర్కం ఉన్నది వంటసోడాకు. ఆర్గనోఫాస్ఫేట్ జాతి మందులు చాలావరకు క్షార గుణమున్న నీళ్ళలో త్వరగా విరిగిపోతాయి. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో లిలి హే బృందం 2017లో ప్రచురించిన ప్రయోగం ఆపిల్స్ మీద చేసింది. థయాబెండజోల్ అనే శిలీంధ్రనాశిని, ఫాస్మెట్ అనే పురుగుమందు పూసి, ఒక రోజు ఆరనిచ్చి, రకరకాల నీళ్ళలో నానబెట్టారు. లీటరుకు 10 గ్రాముల వంటసోడా కలిపిన నీళ్ళు 12 నుంచి 15 నిమిషాల్లో తొక్క పైనున్న రెండు మందుల్నీ తీసేశాయి. కుళాయి నీళ్ళు, ఆపిల్ తోటలవాళ్ళు వాడే బ్లీచ్ ద్రావణం దానికంటే వెనకబడ్డాయి.

ఇదే ప్రయోగం ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ ఒక్క రోజులోనే థయాబెండజోల్‌లో 20 శాతం, ఫాస్మెట్‌లో 4 శాతం పైచిలుకు తొక్క దాటి లోపలికి పోయాయి. సోడా నీళ్ళు వాటిని తాకలేదు. తొక్క తీస్తే పోతుంది గానీ, తొక్కతో పాటు పీచూ పోషకాలూ పోతాయి.

లీటరుకు 10 గ్రాములంటే రెండు చిన్న చెంచాలు. నానాక ఉత్త నీళ్ళతో ఒకసారి బాగా కడగాలి. ఇది ద్రాక్ష, ఆపిల్, టమోటా లాంటి నున్నటి తొక్క కాయలకు తగ్గది. సబ్బు, బట్టల పొడి మాత్రం వద్దు. కాయల సన్నటి రంధ్రాల్లోకి పోయి అవే మిగిలిపోతాయి.

మన సంచిలోని కాయగూరలు

పలమనేరు బజారు నుంచి తెచ్చే సంచిలో ఏముంటుందో ఒక్కొక్కటిగా చూద్దాం. టమోటాకు నున్నటి తొక్క ఉంది, దాని మీద శిలీంధ్రనాశిని పొడి ఉండే అవకాశం ఎక్కువ. నీళ్ళలో వేసి వదిలేయకుండా, తొడిమ తీయకముందే, ఒక్కో కాయనూ చేత్తో అర నిమిషం రుద్ది కడగడం దీనికి మంచి పని. తొడిమ దగ్గర గుంటలో పొడి పేరుకుంటుంది, అక్కడ వేలితో రుద్దాలి.

క్యాబేజీకి పై ఆకులు రెండో మూడో తీసేయడమే అన్నిటికంటే పెద్ద శుభ్రత. పిచికారీ తగిలేది వాటికే. కాలీఫ్లవర్‌ను రుద్దలేం, అందుకే దానికి వేడినీళ్ళు. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు అన్నిటికంటే కష్టమైనవి. ఒక కిలో ఆకుకు ఒక కిలో కాయ కంటే ఎన్నో రెట్లు విశాలమైన ఉపరితలం ఉంటుంది, మందు అంతా దాని మీదే. కేరళ ప్రయోగశాల పరీక్షల్లో కరివేపాకు మళ్ళీ మళ్ళీ దొరికిపోవడానికి ఒక కారణం ఇదే. వీటిని ఒక బేసిన్‌లో ముంచి, కదిపి, నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో ఇంకో రెండుసార్లు చేయాలి. ఎక్కువ నీళ్ళు పారించలేని వేసవి రోజుల్లో కుళాయి తెరిచిపెట్టడం కంటే ఇది పొదుపు కూడా. ఒకే నీళ్ళలో అన్నీ వరుసగా ముంచితే మాత్రం మొదటిదాని మురికి చివరిదానికి చేరుతుంది.

చలికాలంలో మనవైపు అనపకాయల కాలం. పితికిపప్పు చేసే ఇంట్లో ఎవరూ మందు గురించి ఆలోచించి చేయరు గానీ, ఈ సంచిలో మందు పైపొర అంతా పోయే కాయ అదే. పైన కాయతొడుగు ఒలిచేస్తాం. గింజల్ని నానబెట్టి, చర్మం పితికి పారేస్తాం. కాయతొలుచు పురుగు కోసం కొట్టిన మందులో ఎక్కువ భాగం తొడుగు మీదే ఉండి చెత్తలోకి పోతుంది. బీన్స్‌కు, అలసందలకు ఈ సౌకర్యం లేదు, తొడుగుతో సహా వండుతాం.

సంచి ఇంటికి రాకముందు

ఇంతదాకా చూసిన పద్ధతులన్నీ కలిపినా, లోపలికి పోయిన మందు మిగులుతుంది. దాన్ని తగ్గించేది ఒక్కటే: మందు కొట్టిన రోజుకూ కోత రోజుకూ మధ్య వదలాల్సిన గడువు. కేంద్ర పురుగుమందుల బోర్డు ప్రతి మందుకూ, ప్రతి పంటకూ వేరువేరుగా ఈ గడువు నిర్ణయించింది. కొరాజెన్ అనే పేరుతో దొరికే క్లోరాంట్రానిలిప్రోల్‌కు టమోటాలో మూడు రోజులు చాలు, వంకాయలో 22 రోజులు వదలాలి. మందు ఒకటే. పంట మారితే లెక్క మారుతుంది.

టమోటాలో ఈ లెక్క తప్పడం ఎంత సులభమో మన తాలూకాలో సాగు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. టమోటా కోత ఒకసారితో అయిపోదు. మూడు, నాలుగు రోజులకొకసారి కాయ కోస్తూ, ఆ మధ్యలోనే ఊజికీ తెగుళ్ళకూ మందు కొట్టాల్సి వస్తుంది. ధర పెరిగిన రోజున మార్కెట్‌కు సరుకు చేర్చాలన్న తొందరలో, నిన్న కొట్టిన తోటలో ఈరోజు కోత పడుతుంది. మూడు రోజుల గడువుండే మందును కోత ముగిసిన సాయంత్రమే కొట్టే అలవాటున్న రైతు తర్వాతి కోతకు సురక్షితంగా చేరతాడు. కోతకు ముందురోజు కొట్టినవాడు చేరడు. ఖర్చు ఇద్దరికీ ఒకటే.

మొత్తం మీద పరిస్థితి ఎలా ఉందో చూస్తే భయపడాల్సినంతా లేదు, నిశ్చింతగా ఉండాల్సినంతా లేదు. కేంద్ర ప్రభుత్వ జాతీయ పర్యవేక్షణ పథకం 2014-15లో దేశమంతటా 20,618 నమూనాల్ని పరీక్షించింది. 18.7 శాతంలో మందు అవశేషాలు కనిపించాయి, 2.6 శాతంలో అనుమతించిన పరిమితి దాటాయి. అంటే ఎక్కువ సంచుల్లో మనం కడిగేది ఇప్పటికే పరిమితి లోపల ఉన్న కొద్దిపాటి మందును ఇంకొంత తగ్గించడమే. దానికి నీళ్ళు, చేతులు చాలు. వందలో పరిమితి దాటిన ఆ రెండు మూడు సంచులకు మాత్రం, ఉప్పు డబ్బా ఖాళీ చేసినా పసుపు పొట్లం కుమ్మరించినా, కాయ లోపలి సంగతి మారదు. వాటిని ఆపగలిగేది కోత రోజు లెక్క పాటించే రైతూ, మార్కెట్‌లో నమూనా తీసి పరీక్షించే అధికారీ మాత్రమే.